ఇంద్రధనుస్సుకు ఏ వివరణ మేలు: పట్టకమా, కనిష్ఠ విచలనమా?

ఇంద్రధనుస్సు ఎలా ఏర్పడుతుందని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఒకటుంది. వానచుక్క చిన్న పట్టకంలా పనిచేస్తుంది, తెల్లటి కాంతిని ఏడు రంగులుగా విడదీస్తుంది, చుక్క వెనక గోడ దగ్గర సంపూర్ణాంతర పరావర్తనం జరిగి ఆ రంగులు మన వైపు తిరిగొస్తాయి. రెండో వివరణ 1637లో ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ ఇచ్చింది. ఒక్క కిరణాన్ని కాకుండా చుక్క మీద పడే కిరణాలన్నిటినీ లెక్కగట్టి, అవి ఎటు గుమిగూడుతున్నాయో చూడమంటుంది. నా ఓటు నిస్సందేహంగా రెండోదానికే.

పట్టకం వివరణకు ఒక బలం ఉంది. రంగులు ఎందుకు విడిపోతాయో అది సరిగానే చెబుతుంది: నీటిలో ఎరుపు కాంతికి వక్రీభవన గుణకం సుమారు 1.331, ఊదాకు 1.343. కానీ చుక్క గుండ్రంగా ఉంటుంది. దాని మీద కిరణాలు 0° నుంచి 90° దాకా అన్ని పతన కోణాలతోనూ పడతాయి, ఒక్కోటి ఒక్కో దిశలో బయటికొస్తుంది. అలాంటప్పుడు రంగులన్నీ కలిసిపోయి మళ్లీ తెలుపే కనిపించాలి కదా? విల్లు 42° దగ్గరే ఎందుకు నిలుస్తుంది? ఈ ప్రశ్నలకు పట్టకం దగ్గర జవాబు లేదు. పైగా సంపూర్ణాంతర పరావర్తనం అన్న మాటే తప్పు. గోళంలోకి వెళ్లిన కిరణం ఏ వక్రీభవన కోణంతో వంగిందో, వెనక గోడను అదే కోణంతో తాకుతుంది. సంపూర్ణాంతర పరావర్తనం జరగాలంటే అది నీటి సందిగ్ధ కోణమైన 48.6° దాటాలి, ఆ అవకాశమే లేదు. విల్లును ఇచ్చే కిరణాల్లో వెనక గోడ దగ్గర వెనక్కి మళ్లేది దాదాపు 6 శాతమే, మిగతాది బయటికి పోతుంది.

ఇప్పుడు రెండో దారి. పతన కోణం i, వక్రీభవన కోణం r అయితే, రెండు వక్రీభవనాలు, ఒక పరావర్తనం కలిపి కిరణం మొత్తం తిరిగే కోణం, అంటే విచలనం, ఇది:

D = 180° + 2i − 4r

గుణకం 4/3 అనుకుని లెక్క కడదాం. i = 30° అయితే D సుమారు 152°. 40°కి 144.7°. 55°కి 138.4°. 60°కి 138.0°. ఇంకా పెంచి 65° చేస్తే 138.7°, 75°కి 144.3°. అంటే D తగ్గుతూ వచ్చి, 59.4° దగ్గర కనిష్ఠానికి చేరి, మళ్లీ పెరుగుతోంది. అసలు విషయం ఇక్కడే ఉంది. i 30° నుంచి 40°కి మారితే బయటికొచ్చే దిశ 7°కి పైగా చెదిరింది. అదే 55° నుంచి 65° దాకా మారినా కిరణాలన్నీ 1° లోపే ఒదిగిపోయాయి. ఊగే ఉయ్యాల వెనక్కి తిరిగే కొసన ఎక్కువసేపు ఉన్నట్టే, కాంతి కూడా తన మలుపు దగ్గర కుప్పపడుతుంది. 180లోంచి 138 తీసేస్తే 42°. సూర్యుడికి సరిగ్గా ఎదురుదిశ నుంచి విల్లు ఉండే దూరం అదే. డెకార్ట్‌కు రంగుల సంగతి అప్పటికి తెలియదు, అయినా ఈ కోణం దొరికింది. ఒకే రంగు కాంతి ఉన్నా విల్లు ఉంటుందన్నమాట.

రంగులను జోడించింది న్యూటన్. ఎరుపుకు కనిష్ఠ విచలనం 137.6°, ఊదాకు 139.3°. ఊదా ఎక్కువ తిరుగుతుంది కాబట్టి సూర్యుడి వైపుకు మరింత మళ్లుతుంది. ఎదురుదిశతో చేసే కోణం ఎరుపుకు 42.4°, ఊదాకు 40.7°. అందుకే పైనున్న చుక్కల నుంచి ఎరుపు, కిందున్న చుక్కల నుంచి ఊదా మన కంటికి చేరతాయి. ఊదా లోపలి అంచున కనబడేది ఇందువల్లే.

కనిష్ఠం అంటే అంతకన్నా తక్కువ తిరిగే కిరణం లేదని. కాబట్టి ఒక్కో రంగు ఇచ్చేది గీత కాదు, అంచు బాగా వెలిగే నిండు బిళ్ల. ఎరుపు బిళ్ల పెద్దది, ఊదా బిళ్ల చిన్నది. 42.4° దగ్గర ఎరుపు ఒక్కటే ఉంటుంది గనక అది తేటగా కనిపిస్తుంది. 40.7° దగ్గర ఊదా మీద మిగతా రంగుల బిళ్లలూ పరుచుకుంటాయి, అందుకే అది పాలిపోతుంది. ఇంకా లోపలికి వెళితే రంగులన్నీ కలిసి ఆకాశం తెల్లగా మెరుస్తుంది. ఎరుపుకు బయట ఒక్కసారి పరావర్తనం చెందిన కాంతి అసలు రాదు, అక్కడ ఆకాశం ముదురుగా ఉంటుంది. ఈసారి విల్లు కనిపిస్తే రంగుల కన్నా ముందు ఈ లోపలి వెలుగును, బయటి చీకటిని చూడండి. పట్టకం వివరణతో వీటిలో ఒక్కటీ అర్థం కాదు.

డెకార్ట్ లెక్కకూ హద్దుంది. ఊదాకు లోపల అప్పుడప్పుడు లేత గులాబీ, ఆకుపచ్చ పట్టీలు కనిపిస్తాయి. మలుపుకు రెండు వైపులా ఒకే దిశలో బయటికొచ్చే కిరణాల వ్యతికరణం వల్ల అవి ఏర్పడతాయి, వాటికి కాంతిని తరంగంగా తీసుకోక తప్పదు. పొగమంచులోని అతి చిన్న చుక్కల్లో ఒక్కో రంగు అంచూ బాగా వెడల్పై, రంగులు ఒకదానిలో ఒకటి కలిసి, విల్లు దాదాపు తెల్లగానే కనిపిస్తుంది.