రాయగడ, గుణుపురం వైపు ఫెయిర్‌నెస్ క్రీమ్ కొనేవాళ్లు ఒక్కసారి డబ్బా తిప్పి చూడండి

మాది రాయగడ. ఈ పోస్ట్ మన ఊళ్లో, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఫ్యాన్సీ షాపుల్లోనూ సంతలోనూ నైట్ క్రీమ్‌లు కొనే ఆడవాళ్ల కోసం రాస్తున్నాను. షాపు పేరు రాయను. అలాంటి డబ్బాలు ఆ ఒక్క షాపులోనే లేవు కాబట్టి పేరు రాసినా ఉపయోగం లేదు.

నిరుడు మా చెల్లి పెళ్లికి రెండు నెలల ముందు బజారులో 350 రూపాయలు పెట్టి ముప్పై గ్రాముల డబ్బా ఒకటి కొన్నాను. బంగారు రంగు అట్టపెట్టె, మెరిసే స్టిక్కరు, మీద ఉర్దూలాంటి అక్షరాలు. మాకు తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లిష్ నాలుగూ వచ్చు గానీ ఆ లిపి ఇంట్లో ఎవరికీ రాదు. "ఫారిన్ సరుకమ్మా, రాత్రి పూట రాయండి, వారంలో మీకే తెలుస్తుంది" అన్నాడు షాపాయన. బిల్లు అడిగితే నవ్వాడు.

అబద్ధం చెప్పడం దేనికి, పది రోజుల్లో ముఖం నిజంగానే తేలింది. మా వదిన "ఏటే, పెళ్లి నీకా, మీ చెల్లికా" అంది. ఆ మాటకు పొంగిపోయి రెండో డబ్బా కూడా కొన్నాను. అక్కడే ఆగాల్సింది. ఎన్నాళ్ల నుంచో ఉన్న ఛాయను వారం పది రోజుల్లో మార్చే వస్తువులో మామూలు సామాను ఉండదని అప్పుడు తోచలేదు.

మూడో నెలలో కాలి మెట్టెలు బిగిశాయి. సబ్బు రాసి లాగినా రాలేదు. పొద్దున్న లేస్తే కళ్ల కింద సంచులు, సాయంత్రానికి చెప్పుల పట్టీ వేసిన చోట గాడి. బియ్యం కడిగిన నీళ్లలో వచ్చే నురగలా మూత్రంలో నురగ, ఎంతకీ విరగదు. పెళ్లి పనుల అలసట అనుకుని ఇంకో మూడు వారాలు గడిపేశాను. చివరికి మా ఆయన రైలెక్కించి విశాఖ తీసుకెళ్లారు.

మూత్రంలో ప్రోటీన్ మూడు ప్లస్ వచ్చింది. ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి చూస్తే 4.1 గ్రాములు. మామూలుగా 150 మిల్లీగ్రాములు దాటకూడదట. అంటే కిడ్నీలో వడపోసే జల్లెడకు చిల్లులు పడి, ఒంట్లో ఉండాల్సిన ప్రోటీన్ బయటికి కారిపోతోంది. షుగర్ లేదు, బీపీ లేదు. నొప్పి మాత్రలు, నాటు మందులు వాడతారా అని అడిగారు, లేదన్నాను. బయాప్సీ చేశాక వచ్చిన పేరు మెంబ్రేనస్ నెఫ్రోపతీ, అంటే ఆ జల్లెడ పొర దెబ్బతినే కిడ్నీ జబ్బు. ఆ రిపోర్టు చూసి డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న: "ముఖానికి ఏం రాస్తారమ్మా?"

"పౌడరు తప్ప ఏమీ లేదండీ" అన్నాను. పక్కనే మా ఆయన ఉన్నారు మరి. ఆయన మందులు తేవడానికి వెళ్లాక, డాక్టరుగారు కదపకుండానే నేనే డబ్బా సంగతి బయటపెట్టాను.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఈ జబ్బులో నెల్-1 అని ఒక రకం ఉంది. కేరళలోని కొట్టక్కల్‌లో కిడ్నీ డాక్టర్లు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు చూసిన మెంబ్రేనస్ కేసులు 22. వాటిలో 15 ఈ రకానివే. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీమ్‌లు వాడినవాళ్లు. కారణం పాదరసం. నా బయాప్సీలోనూ ఆ నెల్-1 రకమే తేలింది. తర్వాత మూత్రంలో పాదరసం పరీక్షకు శాంపిల్ బయటికి పంపితే అదీ ఎక్కువే వచ్చింది.

చర్మానికి రంగు తెచ్చే మెలనిన్ తయారు కావాలంటే ఒక ఎంజైమ్ పనిచేయాలి. ఆ ఎంజైమ్‌కు రాగి కావాలి. పాదరసం వెళ్లి రాగి కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది. రంగు తయారీ ఆగిపోతుంది, అందుకే ముఖం అంత త్వరగా తేలుతుంది. రాసింది రాసినట్టు చర్మం మీదే ఉండిపోదు, లోపలికి దిగి కిడ్నీలో పేరుకుంటుంది. ఏళ్ల తరబడి వాడితే ముఖం కూడా బూడిద రంగులోకి తిరుగుతుందట.

ఇక లేబుల్ సంగతి. ఇంటికి వచ్చాక ఆ డబ్బాను, అత్తగారు వాడే మామూలు కోల్డ్ క్రీమ్ డబ్బాను వంటింటి గట్టు మీద పక్కపక్కన పెట్టి, ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చదివాను. కోల్డ్ క్రీమ్ మీద తయారీదారు పేరు, ఊరితో సహా అడ్రసు, బ్యాచ్ నంబరు, ఎమ్ అక్షరంతో లైసెన్సు నంబరు, ఏ నెలలోపు వాడాలో తేదీ, కలిపిన పదార్థాల వరుస, అన్నీ ఉన్నాయి. ఆ వరుసలో ఒక శాతానికి మించి ఉన్నవి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలని నియమం, అందుకే నీళ్లు ముందుంటాయి. నా డబ్బా మీద అడ్రసు లేదు, లైసెన్సు నంబరు లేదు. పదార్థాల చోట "ముత్యాల పొడి, కుంకుమపువ్వు, విటమిన్ సి" అని మూడే మాటలు. ముత్యాల పొడి, కుంకుమపువ్వు కలిస్తే ముద్ద క్రీమ్ ఎలా అవుతుంది? దానికి నూనో మైనమో ఏదో ఉండాలిగా! ఫారిన్ సరుకైతే మన దేశంలో దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, అడ్రసు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు ఉండి తీరాలి. అదీ లేదు.

కానీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లిష్‌లో ఒక వాక్యం ఉంది: బంగారం, వెండి నగలకు తగలనివ్వకండి అని. కొన్నప్పుడు షాపాయన దాన్నే చూపించి "చూశారా, ఎంత పవరో" అన్నాడు. బంగారం పని చేసే ఎవరినైనా అడగండి, పాదరసం తగిలితే బంగారం ఏమవుతుందో చెబుతారు. వెండి, బంగారం, అల్యూమినియం, రబ్బరుకు దూరంగా ఉంచమని క్రీమ్ మీద కనబడితే అక్కడే వదిలేసి రండి.

పాదరసం అని తెలుగులోనో, మెర్క్యురీ అని సూటిగానో ఎవరూ అచ్చు వేయరు. వేస్తే కలోమెల్, మెర్క్యూరస్ క్లోరైడ్, అమోనియేటెడ్ మెర్క్యురీ, మెర్క్యూరిక్ అయొడైడ్, సినబార్, హైడ్రార్జిరమ్ లాంటి పేర్లు వేస్తారు. అసలు ఏ పేరూ వేయకుండా అమ్మేవే ఎక్కువ. అందుకే పేరు కనబడలేదు కాబట్టి పాదరసం లేదనుకోకండి. రంగు, వాసన చూసి పట్టే దారీ లేదు, నా క్రీమ్ తెల్లగా, గులాబీ వాసనతో ఉండేది.

మన దేశంలో సౌందర్య సామగ్రిలో పాదరసం కలపడం నిషిద్ధం. పొరపాటున చేరేదైనా కంటికి పూసేవాటిలో తప్ప 1 పీపీఎం, అంటే పది లక్షల్లో ఒక వంతు, దాటకూడదు. ముప్పై గ్రాముల డబ్బాలో అది 0.03 మిల్లీగ్రాములు. నిషేధాన్ని లెక్కచేయని సరుకులో ఒక శాతం కలిపారనుకోండి, అదే డబ్బాలో 300 మిల్లీగ్రాములు ఉంటుంది. పది వేల రెట్లు.

ఇక్కడ స్టెరాయిడ్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది వేరే మోసం. అక్కడ లేబుల్ మీద అంతా నిజమే ఉంటుంది. పర్లాకిమిడిలో మా పిన్ని కూతురు మెడికల్ షాపులో ట్యూబు కొని ఏడాది పైగా రాసింది. దాని మీద హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినోయిన్ 0.025 శాతం, మొమెటాసోన్ 0.1 శాతం అని స్పష్టంగా ఉంది. మంగుకు డాక్టర్లు కొద్ది వారాలపాటు రాసే మందు అది, ఫెయిర్‌నెస్ క్రీమ్ కాదు. పేరు చివర "సోన్" ఉంటే, అంటే బీటామెథాసోన్, మొమెటాసోన్, డెక్సామెథాసోన్ లాంటివైతే, స్టెరాయిడ్ అనుకోండి. క్లోబెటాసోల్, ఫ్లుయోసినోలోన్ కూడా ఆ జాతివే. 2018లో ఇలాంటి 14 స్టెరాయిడ్ క్రీమ్‌లను షెడ్యూల్ హెచ్‌లో పెట్టారు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మా పిన్ని కూతురికి మాత్రం కొబ్బరినూనె సీసా ఇచ్చినంత తేలిగ్గా ఇచ్చారు.

ఆ ట్యూబు ఆపితే మూడో రోజుకు ముఖం మంట, ఎర్రదనం, చిన్న చిన్న పొక్కులు. మళ్లీ రాస్తే సాయంత్రానికి చల్లబడుతుంది. దాంతో "ఈ క్రీమ్ లేకపోతే నా ముఖం పాడైపోతోంది" అనుకునేది పాపం. ముఖం పాడుచేసింది ఆ క్రీమే. ఇప్పుడు బుగ్గల మీద చర్మం ఉల్లిపొరలా పల్చబడి ఎర్రటి నరాలు కనబడుతున్నాయి, గడ్డం దగ్గర నూగు పెరిగింది. ఇలా అలవాటు పడినవాళ్లు సొంతంగా ఒక్కసారిగా మానేయకుండా చర్మం డాక్టరు దగ్గర తగ్గించుకుంటూ రావాలి. పాదరసం అనుమానం ఉన్న డబ్బా మాత్రం అలా కాదు, ఈ రాత్రి నుంచే మానేయాలి. రెంటికీ తేడా ఉంది కాబట్టి చెబుతున్నాను. పార్లర్‌లో ట్యూబును డబ్బాలోకి పిండి "మా సొంత మిక్సింగ్" అని ఇస్తే మీకు ఆ తేడా తెలిసే వీలే ఉండదు. నన్నడిగితే మూత తీసి కలిపింది ఏదైనా ముఖానికి తాకించవద్దు.

నాకు ఎక్కువ భయం వేసింది మా బాబు విషయంలో. వాడికి నాలుగేళ్లు, రాత్రి నా బుగ్గకు బుగ్గ ఆనించి పడుకుంటాడు. ఒకే తువ్వాలు, ఒకే దిండు. వాడి మూత్రంలో కూడా పాదరసం కొంచెం ఎక్కువగా వచ్చింది. వాడు ఒక్కసారి కూడా ఆ క్రీమ్ రాసుకోలేదు. దిండు గలీబులు, తువ్వాళ్లు తీసేశాం, రెండు నెలలకు వాడిది మామూలైంది.

నాకు క్రీమ్ మాన్పించి, ప్రోటీన్ పోవడం తగ్గించే బీపీ రకం మాత్ర, నీరు తీసే మాత్ర ఇచ్చారు. ఏడో నెలకు 4.1 గ్రాములది 0.4కి దిగింది. క్రీమ్‌ను ల్యాబ్‌లో పరీక్ష చేయించలేదు కాబట్టి అందులో ఎంత ఉందో చెప్పలేను. మానేశాక మూత్రంలో పాదరసం నెలనెలా తగ్గుతూ రావడం మాత్రం రిపోర్టుల్లో ఉంది.

ఇలాంటిది ఏ క్రీమ్ అయినా వాడుతూ కాళ్లు నీరు పట్టినా, మూత్రంలో నురగ వచ్చినా, ముందు మామూలు మూత్ర పరీక్ష చేయించండి, చిన్న ల్యాబ్‌లో కూడా చేస్తారు. ప్రోటీన్ కనబడితే డాక్టరుకు క్రీమ్ సంగతి మొదటి మాటగా చెప్పండి, నాలా పౌడరు కబుర్లు చెప్పకండి. వణుకు, నిద్రపట్టకపోవడం, ఊరికే చిరాకు కూడా చెప్పాల్సినవే. డబ్బా మురుగులో పారబోయవద్దు, చెత్తలో వేయవద్దు. నాది రెండు పాలిథిన్ కవర్లలో కట్టి పైన అలమరాలో పెట్టాను, ఫిర్యాదుకు అదే సాక్ష్యం. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫొటోలతో కాగితం ఇచ్చాను. బిల్లు లేకపోవడం దగ్గరే మాట తడబడింది, అందుకే ఏది కొన్నా బిల్లు పట్టుకోండి.

మొన్న గాజుల కోసం అదే షాపుకు మా వదిన వెళ్లింది. అవే అక్షరాలు, అదే బంగారు పెట్టె, మూత మాత్రం ఆకుపచ్చగా మారిందట. అడిగితే "అది పాత స్టాకమ్మా, ఇది వేరే" అన్నాడట. వదిన తిప్పి చూసింది. అడ్రసు లేదు.