సెకండ్‌హ్యాండ్ పర్పెచువల్ కేలండర్ వాచీ కొనేవారికి హెచ్చరిక: లీప్ సంవత్సరం సూచిక చూడకుండా డబ్బు ఇవ్వకండి

హనుమకొండలో ఉండే నేను 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోని ఒక పాత వాచీల వ్యాపారి వద్ద పర్పెచువల్ కేలండర్ వాచీ కొన్నాను. సర్వీసు చేసి, తేదీ సరిచేసి ఇస్తున్నానని ఆయన చెప్పిన మాటను పరీక్షించకుండా నమ్మాను.

మామూలు తేదీ వాచీని 31 రోజులు లేని నెలల తర్వాత, అంటే ఏడాదికి ఐదుసార్లు, సరిచేసుకోవాలి. యాన్యువల్ కేలండర్‌కు 30, 31 రోజుల నెలల తేడా తెలుసు కాబట్టి ఫిబ్రవరి చివర ఒక్కసారి చాలు. పర్పెచువల్ కేలండర్‌కు లీప్ సంవత్సరం కూడా తెలుసు. నా వాచీలో నాలుగేళ్లకు ఒకసారి తిరిగే బిళ్ల అంచున 48 నెలలకు 48 మెట్లు ఉన్నాయి; చిన్న నెలకు గాడి లోతు ఎక్కువ, ఆ లోతును ఒక మీట తడిమి నెలాఖరున ఎన్ని తేదీలు దాటించాలో నిర్ణయిస్తుంది. అయితే ఆ బిళ్లను ఏ ఏడాది దగ్గర నిలపాలన్నది మనిషి చేయాల్సిన పని.

మార్చి 1 ఉదయం నా వాచీ 29 చూపించింది. 2025 లీప్ సంవత్సరం తర్వాతి మొదటి ఏడాది కాగా, డయల్‌పై చిన్న సూచిక లీప్ సంవత్సరంలోనే ఉంది. ఈ యంత్రం వెనక్కి తిరగదు. తేదీని 1కి తెచ్చి, వాచీ పక్కన పిన్నుతో నొక్కే చిన్న నెల బటన్‌ను 12 సార్లు నొక్కితే సరిపోయేది. నేను మాత్రం ఆ పని రాత్రి పదిన్నరకు, ఇనుప పిన్నుతో మొదలుపెట్టాను. మూడోసారి గట్టిగా తగిలింది, అయినా బలంగా నొక్కాను. దాదాపు రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు వరకు తేదీ మార్చే పళ్లు ఒకదానితో ఒకటి పట్టుకొని ఉంటాయి; అప్పుడు బటన్ నొక్కితే పన్ను విరగవచ్చు, సన్నని స్ప్రింగు వంగవచ్చు. నా వాచీ నెల ముల్లు రెండు నెలల మధ్య ఇరుక్కుపోయింది.

వరంగల్‌లో ఎన్నో ఏళ్లుగా వాచీలు బాగుచేస్తున్న పెద్దాయన వెనుక మూత తీసి చూసి, "ఇది డయల్ కింద ఉన్న వేరే యంత్రం, నేను విప్పితే మీకే నష్టం సార్" అని నిజాయితీగా తిరిగి ఇచ్చారు. విడిభాగాలు కంపెనీ బయటివారికి అమ్మదు కాబట్టి వాచీని కంపెనీ సర్వీసుకే పంపవలసి వచ్చింది. ఒక్క మీట మార్చాలన్నా కేలండర్ మొత్తం విప్పి, మళ్లీ బిగించి, నెలాఖరులన్నీ పరీక్షించాలి. నా బిల్లు కొన్న ధరలో నాలుగో వంతు దాటింది, వాచీ ఐదు నెలలకు వచ్చింది.

అందుకే కొనేముందు సూచిక ఈ ఏడాదికి సరిపోతోందో చూడండి: 2024 లీప్, 2025 ఒకటి, 2026 రెండు. 30 రోజులున్న ఏదైనా నెల 30న రాత్రి వేళ నుంచి ముళ్లను కీతో అర్ధరాత్రి దాటించి, తేదీ సరిగ్గా మారిన వీడియో అడగండి. అమ్మేవారు తటపటాయిస్తే వదిలేయండి. మీరే సరిచేయవలసి వస్తే ముందు ముళ్లను ఉదయం ఆరుకు తెచ్చి, వాచీతో వచ్చిన మొద్దు పుల్లతో మాత్రమే నొక్కండి, అడ్డు తగిలిన చోట ఆపేయండి. 2100 లీప్ సంవత్సరం కాదు గనుక, ఆ ఏడాది ఫిబ్రవరి తర్వాత ఈ వాచీలలో చాలావాటిని ఎవరో ఒకరు చేతితో సరిచేయాల్సిందే.