రీబ్యాలెన్సింగ్: తేదీ ప్రకారమా, హద్దు దాటితేనా?

పెట్టుబడి నియమాలు రాసుకునేటప్పుడు "షేర్లు 60 శాతం, బాండ్లు 40 శాతం" అని రాయడం సులువే. ఆ వాటాలు తప్పినప్పుడు తిరిగి సరిచేయడమే రీబ్యాలెన్సింగ్. అది ఎప్పుడు చేయాలో రాయడమే కష్టం. మార్కెట్ పడుతున్నప్పుడు మనసు మార్చుకునేది కూడా అక్కడే. దీనికి వాడుకలో రెండు పద్ధతులున్నాయి. ఏటా ఒకే తేదీన సరిచేయడం ఒకటి. షేర్ల వాటా 55 కంటే తగ్గినా, 65 దాటినా సరిచేయడం రెండోది.

తేదీ పద్ధతిలో టెన్షన్ తక్కువ. మిగతా ఏడాదంతా ఖాతా తెరవక్కర్లేదు. కానీ పెద్ద పతనాలు క్యాలెండర్ చూసుకుని రావు. 2020లో అమెరికా సూచీ ఎస్ అండ్ పి 500 ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23 లోపు దాదాపు 34 శాతం పడి, ఆగస్టుకల్లా పాత గరిష్ఠాన్ని దాటేసింది. డిసెంబరు 31న మాత్రమే లెక్క చూసేవారికి చౌకగా కొనే అవకాశం వచ్చి వెళ్లిన సంగతే కనిపించదు.

హద్దు పద్ధతి ఆ అవకాశాన్ని పట్టుకుంటుంది. బాండ్ల విలువ కదలకపోతే, షేర్లు సుమారు 18.5 శాతం పడగానే వాటి వాటా 55కి చేరుతుంది. చిక్కేమిటంటే, హద్దు దాటిందో లేదో తెలియాలంటే రోజూ చూడాలి. రోజూ చూసేవాడే "ఇంకా పడుతుందేమో, రెండు రోజులు ఆగుదాం" అనుకుంటాడు. భావోద్వేగాన్ని ఆపడానికి పెట్టుకున్న నియమమే దానికి తలుపు తెరుస్తుంది.

అందుకే నా ఓటు రెండూ కలిపిన పద్ధతికి: మూడు నెలలకోసారి చూడాలి, హద్దు దాటితేనే కదపాలి. అదే 2020తో లెక్క వేద్దాం. జనవరిలో షేర్లలో 6 లక్షలు, బాండ్లలో 4 లక్షలు ఉన్నాయనుకోండి. ఆ మొదటి మూడు నెలల్లో సూచీ 20 శాతం తగ్గింది. షేర్లు 4.8 లక్షలయ్యాయి, మొత్తం 8.8 లక్షలు, వాటా 54.5 శాతం. హద్దు కొంచెమే దాటింది, అయినా దాటింది. 48 వేల రూపాయల బాండ్లు అమ్మి షేర్లు కొంటే మళ్లీ 60:40 అవుతుంది. అత్యంత తక్కువ ధర దొరకలేదు నిజమే, కానీ ఎవరూ ఊహించాల్సిన పనిలేదు.

2007 అక్టోబరు నుంచి 2009 మార్చి వరకు సాగినలాంటి పతనంలో మాత్రం ఈ నియమం పడుతున్న మార్కెట్లో పదేపదే కొనిపిస్తుంది. అది భరించలేనివారు మార్చాల్సింది హద్దును కాదు, 60ని. అదీ మార్కెట్ ప్రశాంతంగా ఉన్నప్పుడే.

మీ నియమాల్లో ఇంకో రెండు అంశాలు చేర్చండి. కొత్తగా పెట్టే డబ్బు ముందుగా తగ్గినవైపు వెళ్లాలి. అమ్మకం, దానిపై పన్ను ఆ తర్వాతే. నియమంలో మార్పు ఏదైనా కారణంతో సహా రాసిపెట్టి, 30 రోజులు గడిచాకే అమల్లోకి రావాలి.