రుద్రమదేవి సినిమాకు కొలబద్ద ఏది: మార్కో పోలోనా, మల్కాపురం శాసనమా?

హన్మకొండలో తొమ్మిదో తరగతి చదివే మా అక్క బిడ్డకు స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమాలో చరిత్ర ఎంత, కల్పన ఎంత తేల్చాలి. నగలు, యుద్ధాల్లో తప్పులు ఏరుతూ అప్పటికే రెండు పేజీలు నింపేసింది. అవి ఎన్ని రాసినా తెగవు. అందుకే కథ మొత్తానికి ఇరుసులాంటి ఒక్క మాటే పట్టుకోమన్నాను: రుద్రమను మగపిల్లాడిగా పెంచి, ఆ సంగతి జనానికి తెలియకుండా దాచారన్నది.

"మామా, మార్కో పోలో ఆ కాలంవాడే కదా, ఆయన చెప్పిందే రాస్తా" అంది. సినిమాలో కథ చెప్పేది కూడా ఆయనే మరి. ఆయన రాతలో మోటుపల్లి రేవు ‘ముత్ఫిలి’గా కనిపిస్తుంది. వజ్రాలు, సన్నటి బట్టల గురించి బాగా చెప్తాడు. రాణి దగ్గరికొచ్చేసరికి, రాజుగారి భార్య అని, భర్త పోయాక నలభై ఏళ్లు ఏలిందని అంటాడు. రుద్రమ గణపతిదేవుడి కూతురు. ఏలింది కూడా సుమారు 1262 నుంచి 1289 దాకే. సరుకు సంగతుల్లో ఆయన్ని నమ్మొచ్చు గానీ, రాజుగారి ఇంటి సంగతులు ఎవరో చెప్పగా విన్నట్టుంది.

1261 నాటి మల్కాపురం శాసనం గుంటూరు వైపుది. విశ్వేశ్వర శివాచార్యుడికి చేసిన గ్రామదానం అందులో ఉంది. దానం కాబట్టి పొగడ్తలకు కొదవలేదు, వాటిని పక్కన పెట్టాలి. మనకు కావాల్సింది పొగడ్తల మధ్య మామూలుగా వచ్చిన మాట: అది రుద్రమను గణపతిదేవుడి కూతురనే చెబుతుంది. రాతి మీద చెక్కించిన మాట రహస్యమెట్లా అవుతుంది? అదే సమయంలో వేరే శాసనాల్లో ఆమె ‘రుద్రదేవ మహారాజు’. అంటే మగపేరుతో ఏలిన మాట నిజం, ఏలికకు వచ్చేనాటికి దాపరికం మాత్రం లేదు. చిన్నప్పుడు ఎట్లా పెంచారో ఈ శాసనాలు చెప్పవు. ఆ గడిలో "తప్పు" అని కాదు, "ఆధారం లేదు" అని రాయమన్నాను.

నా ఓటు శాసనానికే. అయితే శాసనాన్ని చదివేటప్పుడు కూడా మన ఊహ అందులో దూరుతుంది. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం 1289 నాటిది. రుద్రమ, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లారని, వాళ్ల పుణ్యం కోసం భూమి ఇచ్చామని అందులో ఉంది. తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో యుద్ధంలో ఆమె చనిపోయిందన్నది చరిత్రకారులు దాన్నుంచి చేసిన అంచనా. రాయి మీద యుద్ధం మాటే లేదు. మా పిల్ల మాత్రం "శాసనం ప్రకారం యుద్ధంలో మరణించింది" అని నీలం ఇంకుతో నీట్‌గా రాసేసింది.

వైట్‌నర్ కోసం మళ్లీ చౌరస్తా దాకా పోవాల్సొచ్చింది.