రోజూ గ్రీన్ టీ: ఏళ్ల తరబడి తాగాక నా మాట, క్యాప్సూల్స్ ఎందుకు వద్దంటానో

రోజుకు రెండు మూడు కప్పుల గ్రీన్ టీ నాకు చాలా ఏళ్లుగా అలవాటు. రుచి కోసమే తాగుతాను. బరువు తగ్గడానికైతే దీన్ని ఎవరికీ సిఫారసు చేయను. ఈ విషయంలో జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన 2012 నాటి కోక్రేన్ సమీక్ష కూడా తగ్గే బరువు చాలా స్వల్పమనీ, ఆరోగ్యపరంగా లెక్కలోకి వచ్చేంత కాదనీ చెప్పింది. మరుగుతున్న నీళ్లు కాకుండా కాస్త చల్లారిన నీళ్లు, అంటే 80 డిగ్రీల దగ్గర ఉన్నవి పోసి, రెండు నిమిషాలకే ఆకు తీసేస్తే చేదు ఎక్కదు. పరగడుపున తాగితే మాత్రం నాకు కడుపులో తిప్పుతుంది. అందుకే ఏదైనా తిన్నాకే తాగుతాను.

కెఫిన్ గురించి పెద్దగా భయపడనక్కర్లేదు. కప్పుకు సుమారు 30 మిల్లీగ్రాములు ఉంటుంది, కాఫీలో ఉండేదానికంటే బాగా తక్కువ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400, గర్భిణులకు 200 మిల్లీగ్రాముల వరకు ఫర్వాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ లెక్క. అయితే ఒంట్లోకి వెళ్లిన కెఫిన్‌లో సగం కరగడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం దాటాక తాగితే నాకు నిద్ర పలచబడుతుంది, కాబట్టి చివరి కప్పు మధ్యాహ్నంతో సరి.

ఐరన్ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. టీలోని పాలీఫినాల్స్ పేగులో ఐరన్‌ను పట్టుకుని రక్తంలోకి పోకుండా ఆపుతాయి. ఆకుకూరలు, పప్పులు, గింజల్లోని ఐరన్ మీద ఈ ప్రభావం ఎక్కువ, మాంసంలో ఉండే ఐరన్ మీద తక్కువ. ఇక్కడ పని చేసే కిటుకు సమయమే. ఆరోగ్యవంతులైన ఆడవాళ్ల మీద జరిగిన ఒక ప్రయోగంలో భోజనంతోపాటే టీ తాగితే ఐరన్ పీల్చుకోవడం మూడో వంతుకు పైగా పడిపోయింది. అదే టీ గంట ఆగి తాగితే ఆ నష్టం సగానికి తగ్గింది. అందుకే భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట వదులుతాను. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు టీతో మింగడం అసలే కూడదు. ఏడాదికోసారి హిమోగ్లోబిన్‌తోపాటు, ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూపించుకుంటాను. ఒంట్లో ఐరన్ నిల్వలు కరుగుతున్నా హిమోగ్లోబిన్ చాలాకాలం మామూలుగానే కనిపిస్తుంది, ముందుగా పడేది ఫెరిటినే. నాది ఇంతవరకు నిలకడగానే ఉంది. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉన్నవాళ్లు, గర్భిణులు, ఇప్పటికే రక్తహీనత ఉన్నవాళ్లు మాత్రం నా ఒక్కదాని రిపోర్టు చూసి ధైర్యపడకండి.

ఇంతవరకు చెప్పింది కప్పు సంగతి. క్యాప్సూల్ సంగతి పూర్తిగా వేరు.

ఆ మధ్య మా చెల్లెలు ఒక డబ్బా తెచ్చి, “అక్కా, నువ్వు రోజూ తాగేదే కదా, ఇందులో ఉన్నదీ అదే ఆకు. మింగితే ఏమవుతుంది?” అని అడిగింది. ఇద్దరం కూర్చుని లేబుల్ చదివాం. ఒక్కో క్యాప్సూల్‌లో గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ 500 మిల్లీగ్రాములు, అందులో ఈజీసీజీ 50 శాతం. ఆకులో ఉండే కాటెకిన్లు అనే పాలీఫినాల్స్‌లో ముఖ్యమైనది ఈ ఈజీసీజీనే. అంటే క్యాప్సూల్‌కు 250, రోజుకు మూడు వేసుకోమన్నారు కాబట్టి 750 మిల్లీగ్రాములు. దానికితోడు తను తాగే మూడు కప్పుల టీ ఉంది. కప్పుకు 60 చొప్పున వేసుకున్నా ఇంకో 180. మొత్తం 930 అయింది. యూరప్ సంస్థ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం సప్లిమెంట్ల ద్వారా రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ తీసుకున్నవాళ్లలో లివర్ దెబ్బతింటోందని సూచించే ఎంజైములు రక్తంలో పెరిగాయి. మామూలుగా టీ తాగేవాళ్లకు రోజంతా కలిపి అందేది 90 నుంచి 300 మధ్యలోనే.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం ఆ లెక్క కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం: భోజనానికి అరగంట ముందు వేసుకోవాలట. అంటే ఖాళీ కడుపునే. మనుషుల మీద జరిగిన పరీక్షలో అదే మోతాదు ఎక్స్‌ట్రాక్ట్‌ను పరగడుపున ఇస్తే, తిండితో ఇచ్చినప్పటికంటే రక్తంలో ఈజీసీజీ మూడు రెట్లకు పైగా పెరిగింది. పేగు నుంచి వచ్చే రక్తం నేరుగా లివర్‌కే వెళ్తుంది కాబట్టి ఆ తాకిడి ముందు తగిలేది దానికే. టీని గుక్కగుక్కగా, రోజంతా విడివిడిగా తాగుతాం. క్యాప్సూల్‌లో ఉన్నదంతా ఒక్కసారిగా వచ్చి పడుతుంది. మేలు చేస్తుందని పేరున్న ఈ పదార్థమే మోతాదు మించితే కణాల్లో ఆక్సీకరణను తనే పెంచి, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుందని జంతువుల మీద, కణాల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది.

అయితే 800 లోపు ఉంటే ఏ భయమూ లేదని కూడా అనుకోకండి. బరువు తగ్గడానికని అమ్మిన ఎక్సోలీజ్ అనే ఎక్స్‌ట్రాక్ట్‌ను లివర్ దెబ్బతిన్న కేసులు వచ్చాక 2003లో ఫ్రాన్స్, స్పెయిన్‌లలో వెనక్కి తీసుకున్నారు. దాని రోజు మోతాదులో ఉన్న ఈజీసీజీ 375 మిల్లీగ్రాములే. కొందరికి ఇంత తక్కువకే ఎందుకు జరుగుతుందన్నదానికి జవాబులో ఒక భాగం జన్యువుల్లో దొరికింది. మందులు, సప్లిమెంట్ల వల్ల లివర్ దెబ్బతిన్నవాళ్లను నమోదు చేసే ఒక అమెరికన్ నెట్‌వర్క్ పరిశీలించగా, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ కేసుల్లో పదిమందిలో ఏడుగురికి హెచ్‌ఎల్‌ఏ-బి*35:01 అనే జన్యురూపం కనిపించింది. మామూలు జనంలో అది ఉండేది పదిమందిలో ఒకరికి కాస్త అటూఇటుగా. ఆ జన్యువు ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు. కానీ క్యాప్సూల్ మొదలుపెట్టే ముందు ఎవరూ దానికి పరీక్ష చేయించుకోరు, కాబట్టి తనకు పడుతుందో లేదో ముందుగా తెలిసే దారి లేదు. యూరోపియన్ యూనియన్ 2022లో తెచ్చిన నిబంధన రోజు మోతాదు 800 కంటే తక్కువే ఉండాలంటుంది. ఖాళీ కడుపున తీసుకోవద్దనీ, అదే రోజు గ్రీన్ టీ ఉన్న ఇతర పదార్థాలు వాడవద్దనీ, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ల లోపువాళ్లు వాడకూడదనీ లేబుల్ మీద రాయమంటుంది. మా చెల్లెలి డబ్బా మీద ఇవేవీ లేవు. తను దాన్ని తెరవనే లేదు.

కొన్ని డబ్బాల మీద గ్రీన్ టీ అనే పేరు పైన కనబడదు. ‘ఫ్యాట్ బర్నర్’ అనో, ‘మెటబాలిజం’ అనో పెద్దగా ఉంటుంది, కెమెలియా సైనెన్సిస్ అన్న మొక్క పేరు వెనక వైపు ఉంటుంది. ఈజీసీజీ శాతం రాయనివాటిలో ఎంతుందో లెక్క కట్టడం మన వల్ల కాదు, వాటిని నేనైతే ముట్టుకోను.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇబ్బంది మొదటి వారంలోనే రాకపోవచ్చు, ఎక్కువగా ఒకటి నుంచి ఆరు నెలల మధ్య బయటపడుతుంది. ఆకలి చచ్చిపోవడం, వికారం, ఒళ్లంతా నీరసం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, మూత్రం ముదురు రంగులో రావడం, కళ్లు పచ్చబడటం, ఒంటి దురద కనిపిస్తే క్యాప్సూల్స్ ఆ రోజే ఆపేసి, డబ్బా వెంట తీసుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లండి. సప్లిమెంట్ గురించి అడక్కపోయినా మీరే చెప్పండి. రక్తపరీక్షలో ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైము, అంటే ఎస్‌జీపీటీ, బాగా పెరిగి కనిపిస్తుంది, చూడ్డానికి వైరల్ కామెర్లలాగే ఉంటుంది. చాలామంది ఆపేశాక కోలుకుంటారు, కానీ లివర్ మార్పిడి దాకా వెళ్లినవాళ్లూ, చనిపోయినవాళ్లూ ఉన్నారు. తగ్గిందని మళ్లీ మొదలుపెట్టినవాళ్లలో అదే జబ్బు తిరగబెట్టిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.