రిటైర్మెంట్ క్యాలిక్యులేటర్‌లో ‘ఏటా పెంపు’ గడి: ఆరేళ్లు వాడాక

ఒంగోలులో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో లెక్కలు చెబుతాను. పెన్షన్ లేని ఉద్యోగం. 2019 ఏప్రిల్‌లో, నలభై నిండిన నెలలో, ఈ ఉచిత క్యాలిక్యులేటర్‌ను మొదటిసారి తెరిచాను. అప్పటినుంచి ఏటా ఇంక్రిమెంట్ సంగతి తేలిన వారంలో మళ్లీ తెరిచి అంకెలు సరిచూసుకుంటున్నాను. ఇది మంచి పనిముట్టు, ఇప్పటికీ వాడుతున్నాను. అయితే ఇందులో ఒక గడి మనల్ని మోసపోనిస్తుంది. ఈ సమీక్ష ముఖ్యంగా దాని గురించే.

మొదటి రోజు నేను నింపినవి ఇవి: ఇంటి ఖర్చు నెలకు 30,000, ద్రవ్యోల్బణం 6 శాతం, రిటైర్మెంట్ 60వ ఏట, డబ్బు 85 దాకా రావాలి. పెట్టుబడి మీద రాబడి 11 శాతం, రిటైరయ్యాక 7 శాతం. నేటి 30,000 ఖర్చు ఇరవై ఏళ్లకు 96,000 దాటుతుందని, చేతిలో 2 కోట్ల 58 లక్షలు ఉండాలని చూపించింది. ఇక్కడిదాకా లెక్క సరైనదే, చేత్తో వేసి చూసుకున్నాను.

నెలకు 10,000 సిప్ వేస్తే, అంటే మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కడితే, 87 లక్షలే వస్తాయంది. అప్పుడు కిస్తీని ఏటా ఎంత శాతం పెంచుతామో అడిగే ‘ఏటా పెంపు’ గడిలో 10 శాతం అని కొట్టాను. ఒక్కసారిగా 1 కోటి 79 లక్షలు! గ్రాఫ్‌లో లోటును చూపే ఎర్ర పట్టీలో సగానికి పైగా మాయమైంది. లోటు ఇంకా ఉన్నా ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను.

మర్నాడు నా భార్య కింద ఉన్న సంవత్సరాల పట్టిక చూసింది. చాలామంది ఆ పట్టిక దాకా వెళ్లరు, నేనూ వెళ్లలేదు. చివరి వరుసలో నెల కిస్తీ 61,159 అని ఉంది. “ఇదెక్కడినుంచి తెస్తామండీ? అప్పటికి మీ జీతం ఎంత?” అని అడిగింది.

నా జీతం అప్పుడు 50,000. మా కళాశాలలో ఏటా 5 శాతం పెరిగితే గొప్ప. కాగితం తీసుకుని మూడు వరుసలు వేశాను: జీతం 5 శాతం, ఖర్చు 6 శాతం, కిస్తీ 10 శాతం చొప్పున. మొదటి ఏడు ఖర్చూ కిస్తీ పోను 10,000 మిగులుతుంది. పన్నెండో ఏడు మిగిలేది యాభై రూపాయల లోపే. పదమూడో ఏడు జీతం 89,800, ఖర్చూ కిస్తీ కలిపి 91,750. అంటే 52వ ఏట పథకం తెగిపోతుంది. ఇరవయ్యో ఏడుకి జీతం కంటే పాతిక వేలు ఎక్కువ కావాలి. అయినా క్యాలిక్యులేటర్ ఆ చివరి ఎనిమిదేళ్ల కిస్తీలు కూడా కట్టేసినట్టే లెక్కవేసి గ్రాఫ్ గీసింది. దానికి మన జీతం తెలియదు, ఆ గడే లేదు. నా దృష్టిలో దీని అసలు లోపం ఇదే.

ఆ సాయంత్రమే 15,000, 5 శాతం పెంపు అని మార్చాను. వచ్చింది 1 కోటి 83 లక్షలు, ముందటి కంటే నాలుగు లక్షలు ఎక్కువ. చివరి కిస్తీ 37,900. ఆఖరి మూడేళ్లు మాత్రం నెలకు ఐదారు వందల నుంచి రెండు వేల మూడు వందల దాకా తక్కువ పడతాయి. అప్పటికి పిల్లల ఫీజులు ఉండవు కాబట్టి అది సర్దుకోగలం. పెంపు శాతం మన జీతం పెరిగే శాతాన్ని దాటకూడదని, దానికి బదులు మొదటి కిస్తీనే వీలైనంత పెద్దదిగా పెట్టాలని అప్పుడు అర్థమైంది.

2020లో కళాశాల మూతపడి కొన్ని నెలలు సగం జీతమే వచ్చింది. బ్యాంకులో దాచినది తీసి 15,000 ఆపకుండా కట్టాం కానీ, ఆ ఏడు 750 రూపాయల పెంపు వేయలేకపోయాం. క్యాలిక్యులేటర్‌లో ‘ఈ ఏడు పెంపు లేదు’ అని చెప్పే వీలు లేదు. ఉన్న నిధి, ఇప్పటి కిస్తీ, మిగిలిన ఏళ్లు వేసి మళ్లీ మొదటినుంచి లెక్క వేయించాలి. ఆ ఒక్క మెట్టు తప్పితే ప్రతి ఏడూ ఒక మెట్టు కిందే నడుస్తాం కనుక చివరకు ఎనిమిది లక్షలు తగ్గుతాయని తేలింది. 2021లో రెండు మెట్లు కలిపి 16,540 చేశాను. అలా అందుకుంటే పోయేది డెబ్బై వేల లోపే. పెంపు తప్పినందుకు కాదు, తప్పినదాన్ని మరుసటి ఏడు కలుపుకోనందుకే పెద్ద నష్టం.

గ్రాఫ్ గురించి రెండు మాటలు. అందులో నిధి ఏ ఏట అయిపోతుందో ఎర్ర పట్టీ చూపిస్తుంది. మాకు అది 77 దగ్గర మొదలైంది. అది నా వయసు. నా భార్య నాకంటే ఐదేళ్లు చిన్నది, అప్పటికి ఆమెకు 72. ఆమెకు 85 దాకా సరిపోవాలంటే నేను నింపవలసింది 90. అలా మార్చగానే లోటు 75 లక్షల నుంచి 1 కోటి 21 లక్షలకు చేరింది. భార్యాభర్తల కోసం లెక్క వేసేవారు చిన్నవారి వయసుకు సరిపెట్టాలి. ఈ మాట క్యాలిక్యులేటర్ ఎక్కడా చెప్పదు.

ఉద్యోగం 63 దాకా చేస్తే అదే లోటు 58 లక్షలకు దిగింది. మూడేళ్లు ఎక్కువ కడతాం, మూడేళ్లు తక్కువ తింటాం, పాత సొమ్ము మూడేళ్లు ఎక్కువ పెరుగుతుంది. ‘ఏటా పెంపు’ గడి తప్ప మరే గడి మార్చినా ఇంత తేడా రాలేదు. అయితే ఆ 58 లక్షలు 2042 నాటి రూపాయలు. 6 శాతం చొప్పున వెనక్కి తెస్తే 2019 రూపాయల్లో 15 లక్షలే. గ్రాఫ్ ఈ మార్పిడి చేయదు, అందుకే ఎర్ర పట్టీ ఉన్నదానికంటే భయంకరంగా కనిపిస్తుంది. టంగుటూరు దగ్గర నాన్న పొలంలో నా వాటా ఉంది. ఈ మిగిలిన లోటుకు దాన్ని కేటాయించుకున్నాం.

గ్రాఫ్‌లోని గీత నున్నగా పైకి పోతుంది. 2020 మార్చిలో మార్కెట్ పడినప్పుడు మా నిధి అలా లేదు. అందుకని ఏటా రెండోసారి 9 శాతం రాబడితోనూ వేయించి చూస్తాను. అమ్మినప్పుడు లాభం మీద కట్టవలసిన పన్నునూ ఇది తీసేయదు.

తయారుచేసినవారికి నా విన్నపం ఒక్కటే. జీతం, జీతం పెరిగే శాతం అని రెండు గడులు పెట్టి, కిస్తీ జీతానికి అందనంత పెరిగే ఏడును కూడా గ్రాఫ్‌లో ఎర్రగా చూపించండి. అది వచ్చేదాకా మా ఇంట్లో మూడు వరుసల కాగితం క్యాలిక్యులేటర్ పక్కనే ఉంటుంది. ఈ ఏప్రిల్‌లో నా భార్యే కిస్తీ వరుసలో 20,100 అని రాసి, పైన జీతం వరుసతో సరిచూసి, టిక్కు పెట్టింది.