అరకులో 800 రూపాయల గది

డిసెంబరులో శనివారం అరకులో గది దొరకడమే గొప్ప. మెయిన్ రోడ్డు లాడ్జీల్లో 2,500కి తక్కువ ఎవరూ చెప్పలేదు. ఊరికి కాస్త అవతల ఒక హోమ్‌స్టేలో మాత్రం 800, అదీ ఇద్దరికీ టిఫిన్‌తో కలిపి. పైగా ఖాళీగా ఉంది! "ఏదో తేడా ఉంది, వద్దు" అంది మా ఆవిడ. చూశాకే మాట్లాడదామని వెళ్ళాం.

ఇలాంటి చోట నేను మంచం చూడను. మంచి దుప్పటి ఎవరైనా పరుస్తారు. బాత్‌రూమ్‌లో గీజర్ వేసి కుళాయి తిప్పితే కాసేపటికే వేడినీళ్ళు వచ్చాయి. మూలల్లో చెమ్మ మరకలు లేవు, దిండు గలీబులు ఉతికినవే. గదికి వంక పెట్టడానికేమీ లేదు.

రాత్రి టీ తాగుతూ ఇంటాయన లెక్క చెప్పాడు. టిఫిన్, టీలకు 200, దుప్పట్ల ఉతుకుడుకు 100, ఊడ్చి తుడిచే మనిషికి 150, కరెంటుకు 50. మిగిలేది 300. "ఫోన్లు బాగానే వస్తాయి బాబూ. రేటు వినగానే బాత్‌రూమ్ లోపలేనా, నీళ్ళు వస్తాయా అని అడుగుతారు. మళ్ళీ చెయ్యరు" అన్నాడు.

అసలు సంగతి అక్కడే ఉంది. రేటు ఉత్తినే తక్కువైతే బుధవారానికే గది నిండిపోవాలి, ఈయన నలుగురికి లేదని చెప్పాల్సి రావాలి. ఇక్కడ అడిగేవాళ్ళు ఎక్కువ, వచ్చేవాళ్ళు తక్కువ, అడిగేవన్నీ లోపాల గురించే. అంటే 800 అనే అంకె జనాన్ని భయపెడుతోంది. ఒకసారి ఉండి వెళ్ళినవాళ్ళు మాత్రం మళ్ళీ వస్తారట. చూసినవాళ్ళకు చవక, చూడనివాళ్ళకు అనుమానం.

శని, ఆదివారాలకు 1,500 చెప్పమన్నాను. దాంతోపాటు బాత్‌రూమ్, గీజర్ ఫోటోలు వాట్సాప్‌లో పంపమన్నాను. ఫోటోల్లేకుండా రేటు పెంచితే ఉన్న నాలుగు ఫోన్లూ ఆగిపోతాయి. 2,500 అయితే నేనూ ఇవ్వను: జనరేటర్ లేదు, ఆటో కోసం రోడ్డు దాకా నడవాలి. మామూలు రోజుల్లో 1,000 చాలు, అప్పుడు ఊరంతా ఖాళీయే.

మర్నాడు కాఫీ పొడి కొంటుంటే ఇదే తంటా. ఒక షాపులో ప్యాకెట్ సగం ధరకే ఉంది, వెనక చికోరీ 47 శాతం అని అచ్చేసి ఉంది. అందులో మోసం లేదు, సరుకుకు తగ్గ ధరే. పక్క బండి మీద మాత్రం అంతే చవకగా లూజు పొడి, "ప్యూర్ సార్" అని హామీ. గ్లాసు చన్నీళ్ళు అడిగి చిటికెడు పైన చల్లాను. కాఫీ పొడి కాసేపు తేలుతుంది. ఇది గోధుమరంగు చారలు వదులుతూ వెంటనే అడుక్కి దిగిపోయింది. బండాయన గ్లాసు తీసి పక్కన పారబోసి, ఇంకో బేరం చూసుకున్నాడు.